మందుల చీటీలోని OD, BD, TDS, AC, PC గుర్తులను చదివి వేళల పట్టిక వేసుకోవడం ఎలా

మందుల చీటీలో ఒక్కో మందు పేరు పక్కన ఉండే రెండు మూడు అక్షరాలు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: రోజుకు ఎన్నిసార్లు వేసుకోవాలి, ఏ వేళకు వేసుకోవాలి, భోజనానికి ముందా తర్వాతా. చాలా చీటీల్లో ఈ మూడింటిలో ఒకటో రెండో మాత్రమే రాసి ఉంటాయి. మూడో ప్రశ్నకు జవాబు వైద్యుని మనసులో ఉంటుంది, లేదా మందుల దుకాణంలో ఎవరో తొందరలో నోటిమాటగా చెప్పేస్తారు. అందువల్ల చీటీ చదవడమంటే అక్షరాలకు అర్థం తెలుసుకోవడంతో పాటు, అక్కడ ఏది రాయలేదో గుర్తించడం కూడా. ఒక నమూనా చీటీని ముందు పెట్టుకుని ఆ పని మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. థైరాయిడ్ లోపం, మధుమేహం రెండూ ఉన్న ఒకరికి కొత్తగా ఒక బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కూడా వచ్చినప్పుడు రాసిన చీటీ ఇది అనుకోండి.

```
Tab. Levothyroxine 50 mcg       OD     AC   x 1/12
Tab. Metformin 500 mg           1-0-1  PC   x 1/12
Tab. Calcium carbonate 500 mg   OD     PC   x 1/12
Cap. Amoxicillin 500 mg         TDS         x 5/7
Tab. Paracetamol 500 mg         SOS
```

ముందుగా, ఎన్నిసార్లో చదవండి

ఈ అక్షరాలు చాలావరకు లాటిన్ మాటలకు పొట్టిరూపాలు. OD అంటే రోజుకు ఒకసారి. BD లేదా BID అంటే రెండుసార్లు, TDS లేదా TID అంటే మూడుసార్లు, QID అంటే నాలుగుసార్లు. HS అంటే రాత్రి పడుకునే ముందు. SOS లేదా PRN అంటే అవసరమైనప్పుడు మాత్రమే. STAT అని ఉంటే వెంటనే ఒక మోతాదు వేసుకోవాలని అర్థం. అక్షరాలకు బదులు అంకెలు రాసే పద్ధతిలో 1-0-1 అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఏమీ లేదు, రాత్రి ఒకటి. నా మట్టుకు ఈ అంకెల పద్ధతే మేలు. సున్నా ఎక్కడ ఉందో చూడగానే ఏ పూట మానాలో తెలుస్తుంది, లాటిన్ తెలియనివారు కూడా చదువుకోగలరు.

చివర ఉన్న భిన్నాలు ఎన్నాళ్లు వాడాలో చెబుతాయి. 5/7 అంటే ఐదు రోజులు, ఎందుకంటే కింది అంకె వారానికి ఏడు రోజులను సూచిస్తుంది. అలాగే 2/52 అంటే రెండు వారాలు, 1/12 అంటే ఒక నెల. వీటిని మాత్రలో భాగాలుగానో, తేదీలుగానో చదవకూడదు. సగం మాత్ర వేసుకోవాలని చెప్పదలిస్తే ½ అనే గుర్తును మందు పేరుకు దగ్గరగా, లేదా ½-0-½ అని పూటల అంకెల్లోనే రాస్తారు.

ఈ పొట్టి అక్షరాల్లో కొన్ని నిజంగా ప్రమాదకరమైనవి. OD కొన్ని దేశాల్లో రోజుకు ఒకసారి అని కాక కుడి కన్ను అనే అర్థంలో వాడుకలో ఉంది. కాబట్టి కంటి చుక్కల మందు పక్కన ఆ రెండు అక్షరాలు కనిపిస్తే ఊహించుకోకుండా అడగండి. రోజుకు ఒకసారి అనడానికి వాడే QD, రోజు విడిచి రోజు అనడానికి వాడే QOD, నాలుగుసార్లు అనే QID చేతిరాతలో ఒకదానికొకటి కలిసిపోతాయి. ఒక చుక్క గీతలా సాగితే ఒక మోతాదు నాలుగు మోతాదులవుతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో QD, QOD రెండింటినీ వాడకూడని పొట్టిరూపాల జాబితాలో చేర్చింది.

వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మందుల విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు తక్కువ మోతాదులో ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను వారంలో ఒకే రోజు వేసుకోవాలి. దానిని పొరపాటున రోజూ మింగి, రక్తకణాలు పడిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. అలాంటి మందు మీ చీటీలో ఉంటే వారంలో ఏ రోజు వేసుకోవాలన్నది వైద్యునితో చీటీ మీదే రాయించుకోండి. నోటిపూత, జ్వరం, గొంతునొప్పి లాంటివి మొదలైతే, లేదా రోజూ వేసుకున్నట్టు గుర్తిస్తే, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

తర్వాత, ఎన్నిసార్లు అన్నదాన్ని గంటల్లోకి మార్చండి

మింగిన మందు రక్తంలోకి చేరి, కొంతసేపటికి ఒక గరిష్ఠ స్థాయిని అందుకుని, ఆ తర్వాత కాలేయం, మూత్రపిండాల పనివల్ల క్రమంగా తగ్గిపోతుంది. అది సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని బట్టి రోజుకు ఎన్ని మోతాదులు అవసరమో చాలావరకు నిర్ణయిస్తారు. మన చీటీలోని లెవోథైరాక్సిన్ సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది కాబట్టి రోజుకు ఒకటి చాలు. అమాక్సిసిలిన్‌కు ఒక గంట, కాస్త అటూ ఇటూ మాత్రమే పడుతుంది. పైగా ఈ తరగతి యాంటీబయాటిక్ ఒకేసారి ఎంత ఎక్కువగా చేరిందన్నదాని కంటే, బ్యాక్టీరియాను అణచగల స్థాయికి పైన ఎన్ని గంటలు నిలిచిందన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి పనిచేస్తుంది.

కాబట్టి TDS అని రాసి ఉన్న అమాక్సిసిలిన్‌ను మూడు భోజనాలకు జతచేస్తే ఏమవుతుందో లెక్క వేయండి. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఎనిమిదికి వేసుకుంటే మోతాదుల మధ్య విరామాలు ఐదు గంటలు, ఏడు గంటలు, పన్నెండు గంటలు అవుతాయి. మందు అంత వేగంగా తగ్గిపోయేదైనప్పుడు ఆ రాత్రి పన్నెండు గంటలు చాలా పొడవైన విరామం. దానికి బదులు ఉదయం ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు అని పెట్టుకుంటే ఎనిమిదేసి గంటల చొప్పున రోజు సమంగా పంచబడుతుంది. నిద్ర వేళను బట్టి ఒక గంట అటూ ఇటూ అయినా ఫరవాలేదు, నిద్రలో లేచి వేసుకోవలసిన పని లేదు. యాంటీబయాటిక్‌ల విషయంలో మూడుసార్లు అన్న మాటను ఎనిమిది గంటలకొకసారి అనే చదవాలి, రెండుసార్లు అన్న మాటను పన్నెండు గంటలకొకసారి అనే చదవాలి.

మెట్‌ఫార్మిన్ విషయం వేరు. దానిని 1-0-1 అని భోజనాలకు జతచేసి రాశారు కాబట్టి సరిగ్గా పన్నెండు గంటల కోసం గడియారం చూడనవసరం లేదు, ఉదయపు భోజనమూ రాత్రి భోజనమూ ఎప్పుడైతే అప్పుడే దాని వేళ. ఇదే మందు పేరు చివర SR లేదా XR అని ఉంటే అది నెమ్మదిగా విడుదలయ్యేలా తయారుచేసిన మాత్ర, సాధారణంగా రోజుకు ఒకసారి రాత్రి భోజనంతో ఇస్తారు. అలాంటి మాత్రను నలిపినా నమిలినా రోజంతటికీ పంచవలసిన మందు ఒక్కసారిగా బయటపడుతుంది.

భోజనానికి ముందు అంటే ఎంత ముందు

AC అంటే భోజనానికి ముందు, PC అంటే భోజనం తర్వాత. చీటీ ఇంతకంటే ఏమీ చెప్పదు, నిజానికి ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ముందు అనే ఒక్క మాట వేర్వేరు మందులకు వేర్వేరు అర్థాలు ఇస్తుంది.

లెవోథైరాక్సిన్‌కు ముందు అంటే పరగడుపున అని అర్థం. ఇది చిన్నపేగుల్లో శోషణ చెందుతుంది, లోపల ఆహారం ఉంటే శరీరానికి చేరే మొత్తం తగ్గుతుంది. అందుకే మంచినీళ్లతో మాత్ర వేసుకుని, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకుండా ఆగాలి. కాఫీ కూడా శోషణను తగ్గిస్తుంది కాబట్టి అదీ ఆ వ్యవధి తర్వాతే.

ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ లాంటి మందులకు ముందు అంటే భోజనానికి సుమారు అరగంట నుంచి గంట ముందు, కానీ కారణం వేరు. కడుపులో ఆమ్లాన్ని విడుదల చేసే పంపులు భోజనం మొదలయ్యాకే పెద్ద సంఖ్యలో పనిచేయడం మొదలుపెడతాయి. పనిచేస్తున్న పంపునే ఈ మందు పట్టుకుని మూసివేయగలదు. అందువల్ల మందు రక్తంలో ఉన్న సమయానికి భోజనం రావాలి. ఈ మాత్ర వేసుకుని ఆ పూట తినడమే మానేస్తే మందులో చాలాభాగం వృథా అవుతుంది.

మధుమేహానికి ఇచ్చే గ్లిమెపిరైడ్‌కు ముందు అంటే రోజులోని మొదటి ప్రధాన భోజనానికి సరిగ్గా ముందు, లేదా దానితో పాటు. ఈ మందు క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మాత్ర మింగి భోజనం ఆలస్యం చేస్తే, ఇన్సులిన్ వచ్చేస్తుంది కానీ దానికి తగిన చక్కెర రాదు. చెమటలు, చేతుల వణుకు, విపరీతమైన ఆకలి, మాట తడబడటం, అయోమయం కనిపిస్తే రక్తంలో చక్కెర పడిపోతోందని అర్థం చేసుకుని, స్పృహ ఉన్నంతలో వెంటనే చక్కెర గాని తీపి పానీయం గాని ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చీటీలో ఒకే AC కనిపించినా, థైరాయిడ్ మాత్ర వేసుకున్న తర్వాత తినకుండా ఆగాలి, గ్లిమెపిరైడ్ వేసుకున్న తర్వాత తినకుండా ఆగకూడదు. ఈ తేడా తెలియక రెండింటినీ కలిపి మింగి గంటసేపు ఎదురుచూసేవారి గురించి ఆలోచించినప్పుడల్లా, ఎన్ని నిమిషాల ముందు అన్నది చీటీ మీద రాయడానికి ఇంకో రెండు అక్షరాల చోటు ఎందుకు దొరకదా అని నాకు బాధ కలుగుతుంది.

భోజనం తర్వాత అని ఎందుకు రాస్తారు

తర్వాత అనే సూచనకు కూడా కారణం ఒకటే కాదు. మెట్‌ఫార్మిన్ ఖాళీ కడుపులో వికారం, విరేచనాలు కలిగిస్తుంది కాబట్టి భోజనంతో పాటు గాని, ముగించిన వెంటనే గాని వేసుకోవాలి. రెండు గంటల తర్వాత అని దాని అర్థం కాదు. కాల్షియం కార్బోనేట్ కరగడానికి కడుపులోని ఆమ్లం అవసరం, భోజన సమయంలో ఆమ్లం ఎక్కువగా ఉంటుంది కాబట్టి దానికీ భోజనమే తోడు. అంటే మొదటిది కడుపును కాపాడుకోవడానికి, రెండోది మందు బాగా శోషణ చెందడానికి.

ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలను భోజనం తర్వాత వేసుకుంటే కడుపులో మంట తగ్గుతుంది, కానీ పుండు పడే ప్రమాదం పూర్తిగా పోదు. ఎందుకంటే కడుపు పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్‌ల తయారీని ఆ మందు రక్తంలోకి చేరాక కూడా తగ్గిస్తుంది. అన్నం తిన్నాకే వేసుకుంటున్నాను కదా అన్న ధైర్యంతో వారాల తరబడి వాడకూడదు. మలం తారులా నల్లగా వస్తే మందు ఆపి వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

చీటీలో రాయని దాన్ని పట్టుకోండి

ఇప్పుడు మన నమూనా చీటీని మళ్లీ చూడండి. లెవోథైరాక్సిన్ OD, కాల్షియం OD. రెండూ రోజుకు ఒకసారే కాబట్టి రెండింటినీ ఉదయమే ముగించేద్దామని అనిపించడం సహజం: పరగడుపున థైరాయిడ్ మాత్ర, ఉదయపు భోజనం తర్వాత కాల్షియం. చీటీలో రాసినదేదీ మీరు తప్పలేదు. అయినా ఇది పొరపాటే. కాల్షియం పేగుల్లో లెవోథైరాక్సిన్‌తో జతకూడి దానిని శోషణ కానివ్వదు, ఇనుము మాత్రలూ అదే పని చేస్తాయి. వీటికీ థైరాయిడ్ మాత్రకూ మధ్య కనీసం నాలుగు గంటల విరామం ఉండాలి. OD అనే రెండు అక్షరాల్లో ఆ నాలుగు గంటల సంగతి ఎక్కడా లేదు.

ఈ పొరపాటు వెంటనే బయటపడదు. నెలలు గడిచాక అలసట, చలి తట్టుకోలేకపోవడం, బరువు పెరగడం మళ్లీ కనిపిస్తాయి, రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువగా వస్తుంది. అప్పుడు మోతాదు చాలడం లేదని 50 మైక్రోగ్రాములను పెంచే అవకాశం ఉంది. పెంచడానికి ముందు మీరే చెప్పవలసిన మాట ఒకటుంది: మాత్రను ఏ వేళకు, దేనితో కలిపి వేసుకుంటున్నారు, ఆ తర్వాత ఎంతసేపటికి తింటున్నారు అన్నది. వేళ సరిదిద్దుకున్నాక కొత్త స్థాయి స్థిరపడటానికి సమయం పడుతుంది కాబట్టి సాధారణంగా 6 నుంచి 8 వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తారు.

అమాక్సిసిలిన్ పక్కన AC గాని PC గాని లేదు. ఈ మందును భోజనంతో సంబంధం లేకుండా వేసుకోవచ్చు కాబట్టి ఇక్కడ ఖాళీకి అర్థం ఉంది. కానీ ఖాళీ ఉన్న ప్రతిచోటా అలా అనుకోకూడదు. సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి మరో యాంటీబయాటిక్ ఉండి ఉంటే, అది పాలతోనూ కాల్షియంతోనూ జతకూడి నిష్ఫలమవుతుంది, దానికి వేరే విరామం పాటించాలి. అందుకే ఖాళీ కనిపించిన ప్రతి మందు గురించి ఫార్మసిస్టును రెండు ప్రశ్నలు అడగండి: దీన్ని తిండితో వేసుకోవచ్చా, ఈ చీటీలోనూ నేను ముందునుంచీ వాడుతున్నవాటిలోనూ దీనికి దూరంగా ఉంచవలసినది ఏదైనా ఉందా.

పారాసెటమాల్ పక్కన SOS మాత్రమే ఉంది. అవసరమైనప్పుడు అన్నారు గాని, ఎంత విరామంతో, రోజుకు ఎన్ని దాకా అన్నది లేదు. పెద్దవారికి మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, ఇరవై నాలుగు గంటల్లో మొత్తం 4 గ్రాములు మించకూడదు. బరువు తక్కువ ఉన్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, మద్యం ఎక్కువగా తాగేవారికి ఆ హద్దు ఇంకా తక్కువ, దానిని వైద్యుడే నిర్ణయించాలి. జలుబు మాత్రల్లో కూడా తరచుగా పారాసెటమాల్ కలిసి ఉంటుంది కాబట్టి అట్ట వెనుక చదివి దాన్నీ లెక్కలో కలపండి.

పట్టికగా రాసుకోండి

చీటీ మందుల వరుసలో ఉంటుంది, మీ రోజు గంటల వరుసలో సాగుతుంది. అందుకే దాన్ని తిరగరాయాలి. ఒక కాగితం మీద ముందు మీరు నిద్రలేచే వేళ, మూడు భోజనాల వేళలు, పడుకునే వేళ రాసి, ఎక్కువ షరతులున్న మందును మొదట కూర్చోబెట్టండి. ఈ చీటీలో అది లెవోథైరాక్సిన్: ఉదయం 6 గంటలకు, నీళ్లతో, ఒంటరిగా. ఉదయపు భోజనం 7 గంటలకు, అది కాగానే మెట్‌ఫార్మిన్, దానితోనే మొదటి అమాక్సిసిలిన్. మధ్యాహ్న భోజనం 1 గంటకు, తర్వాత కాల్షియం. థైరాయిడ్ మాత్రకు అప్పటికి ఏడు గంటలైంది. 3 గంటలకు రెండో అమాక్సిసిలిన్. రాత్రి భోజనం 8 గంటలకు, తర్వాత రెండో మెట్‌ఫార్మిన్. పడుకునే ముందు, 11 గంటల ప్రాంతంలో, మూడో అమాక్సిసిలిన్. పారాసెటమాల్‌కు వేళ రాయకండి, కాగితం అడుగున కొంత చోటు వదిలి, వేసుకున్న ప్రతిసారీ గంట నమోదు చేయండి. ఈ కాగితాన్ని ఒకసారి ఫార్మసిస్టుకు గాని వైద్యునికి గాని చూపించి వాడటం మొదలుపెట్టండి.

ఏదైనా పూట మరిచిపోతే, గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, తర్వాతి మోతాదు దగ్గరపడి ఉంటే మాత్రం దాన్ని వదిలేసి మామూలు వేళకు వెళ్లాలి. మరిచిపోయినదాన్ని పూడ్చడానికి రెండు కలిపి మింగకూడదు. చాలా మందులకు ఇది సరిపోతుంది గాని, ఇన్సులిన్, రక్తం పలచబరిచే మందులు, మూర్ఛ మందులు, గర్భనిరోధక మాత్రలు వంటి వాటికి వేర్వేరు నియమాలు ఉంటాయి, వాటిని మందు ఇచ్చేటప్పుడే అడిగి రాసుకోండి.

చివరిగా, మీరు చదివినది సరైనదో కాదో మాత్రల లెక్కతో సరిచూసుకోండి. రోజుకు మూడు చొప్పున ఐదు రోజులకు అమాక్సిసిలిన్ పదిహేను రావాలి. నెలకు ముప్పై రోజులనుకుంటే మెట్‌ఫార్మిన్ అరవై, లెవోథైరాక్సిన్ ముప్పై, కాల్షియం ముప్పై రావాలి. చేతికి వచ్చిన సంఖ్య ఈ లెక్కకు సరిపోకపోతే మీరు గాని మందులు ఇచ్చినవారు గాని ఏదో ఒక గుర్తును వేరుగా చదివారన్నమాట, కాబట్టి మొదటి మోతాదు వేసుకోక ముందే అడగండి. మొదటి అమాక్సిసిలిన్ మధ్యాహ్నం 3 గంటలకు మొదలైతే ఐదో రోజు రాత్రికి పద్నాలుగే అవుతాయి, పదిహేనోది ఆరో రోజు ఉదయం 7 గంటలకు వేసుకున్నాక ఆ మందును పట్టికలో నుంచి కొట్టివేయండి.